వాసుకి మా పీఈటీ గదిలో ఉన్నాడు

వార్షికోత్సవానికి ఈ ఏడు కురుక్షేత్రం వేయాలని మా కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. స్టేజి వెడల్పు 20 అడుగులు, లోతు 12. అందులో వెనక 4 అడుగులు సన్మానం కుర్చీలవి, వాటిని కదిలించడం ఎవరి వల్లా కాదు. మిగిలిన చోట 18 అక్షౌహిణులు సర్దుకోవాలి. ఎక్కడానికీ దిగడానికీ ఉన్నవి ఒకటే మెట్లు కాబట్టి చచ్చినవాళ్లు దిగేదాకా బతికున్నవాళ్లు కింద ఆగాలి.

మైకులు రెండు. ఒకటి యాంకరమ్మ చేతిలోంచి రాదు. నిరుడు మద్యం మీద వేసిన నాటిక మొత్తం ఆ రెండో మైకుతోనే నడిచింది. తాగుబోతు తండ్రి మైకులో నాలుగు తిట్లు తిట్టి, దాన్ని మర్యాదగా భార్యకు అందించి, అప్పుడు చెయ్యెత్తేవాడు. ఆవిడ ఏడవడం పూర్తయ్యాక మైకు తుడిచి మళ్లీ ఆయన చేతికిచ్చేది. ఇంత అన్యోన్యమైన దంపతులను ఈ మధ్య చూడలేదని ముఖ్య అతిథి మెచ్చుకున్నారు.

'సురభి వాళ్లు చేయట్లేదా?' అని ఒక సభ్యుడు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. వాళ్లు 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలుపెట్టి, తరతరాలుగా ఆ తాళ్లూ తెరలతోనే బతికారు. మా దగ్గర పది రోజులూ, ఒక పీఈటీ సారూ ఉన్నారు.

అయితే ఆ సారు గదిలో ఒక తాడు కూడా ఉంది. టగ్ ఆఫ్ వార్ తాడు. దాన్ని చూశాకే నేను క్షీరసాగర మథనం ప్రతిపాదించాను. కథకు తగ్గ సామాను వెతకడం మా సంప్రదాయం కాబట్టి, ఉన్న సామానుకు తగ్గ కథ అనేసరికి కమిటీ కొంత నొచ్చుకుంది.

లెక్క చూడండి. అటు 12 మంది రాక్షసులు, ఇటు 12 మంది దేవతలు. ఒక్కరికీ మాట లేదు. ఉన్న మైకు సూత్రధారికిస్తే చాలు. మందర పర్వతం అంటే నెత్తిన అట్టముక్క శిఖరం కట్టుకున్న పదో తరగతి కుర్రాడు. కూర్మానికి వీపు మీద గంప. సముద్రం కోసం నలుగురు పిల్లలు రెండు తెల్ల చీరలు అడ్డంగా పట్టుకుని ఊపుతారు. అసలు కిటుకు ఆ చీరల్లోనే ఉంది. హాలాహలం, కామధేనువు, చంద్రుడు, లక్ష్మి, చివర కలశంతో ధన్వంతరి అందరూ ముందే వాటి వెనక కూర్చుంటారు. పేరు పిలవగానే లేస్తారు. ఇక మెట్లతో పనేముంది? కూచిపూడి వాళ్లు భామాకలాపంలో ఇద్దరి చేత తెర పట్టించి, సత్యభామ జడను దాని మీదుగా వేయించి, మనిషి కనబడకముందే చప్పట్లు కొట్టించారు. వాళ్లకూ సన్మానం కుర్చీలు అడ్డమొచ్చి ఉంటాయని నా అనుమానం.

మొదటి రిహార్సల్‌లో పిల్లలు నిజంగానే లాగారు. తాడు చేతికి అందితే ఏ పిల్లాడు లాగకుండా ఉంటాడు? దేవతలు బోర్లా పడ్డారు, పర్వతం ఏడ్చింది. అప్పుడు తాడును ఎవరి నడుముకూ చుట్టకుండా పర్వతం చేతుల్లో వదులుగా పెట్టించాం. నాలుగు అంకెలకు ఒక అడుగు ముందుకు, మరో నాలుగింటికి ఒక అడుగు వెనక్కి. దూరం నుంచి చూస్తే లాగుతున్నట్టే ఉంటుంది. మధ్యలో తాడు బిగిసిందంటే ఎవడో ఆటలో పడ్డాడని అర్థం, సూత్రధారి 'నారాయణ' అనగానే అందరూ ఆగాలి.

తర్వాత తల్లిదండ్రులొచ్చారు. డ్రెస్సుల అద్దె లేదని, యూనిఫాం మీద రంగు రిబ్బను చాలని చెబితే అవమానంగా చూశారు. ఒకాయన మాత్రం 'మా వాడికి తోక వైపు ఎందుకిచ్చారు సార్? తల వైపు మార్చండి' అని పట్టుబట్టారు. భాగవతంలో సరిగ్గా ఈ మాటే అన్నది రాక్షసులు. తోక పట్టడం తమకు చిన్నతనమన్నారు, దేవతలు నోరు మూసుకుని తల వదిలేసి తోకకు వెళ్లారు. ఈ సంగతి ఆయనకు విన్నవించలేదు. అబ్బాయిని తల వైపు, అంటే రాక్షసుల్లోకి, మార్చాం. ఆయన సంతోషంగా వెళ్లారు.

మాకిచ్చింది 8 నిమిషాలు. ముఖ్య అతిథి ప్రసంగం 40 నిమిషాలు నడిచింది కనుక మాకు 3 మిగిలాయి. పాట ఫోన్‌లోంచి వస్తోంది. ఏరోప్లేన్ మోడ్ పెట్టమని మూడుసార్లు చెప్పాను. మందరగిరి తిరగడం మొదలుపెట్టగానే పర్సనల్ లోన్ కావాలా అని ఎవరో ఫోన్ చేశారు, ఆ రింగ్‌టోన్‌కు దేవదానవులు లయ తప్పకుండా చిలికారు. సూత్రధారి గడియారం చూసుకుని నేరుగా ధన్వంతరిని పిలిచేశాడు. అమృతం పుట్టింది, తెల్ల చీరలు మడిచారు, యాంకరమ్మ వందన సమర్పణ మొదలుపెట్టింది.

తన పేరు ఇంకా పిలవలేదని హాలాహలం బుద్ధిగా అక్కడే కూర్చుని ఉంది. రెండో తరగతి పాప. 'చివరగా మన కరస్పాండెంట్ గారు' అని వినబడగానే తన వంతే అనుకుని నీలం చున్నీతో లేచి నిలబడింది.