సీసాల పోటీలో తీర్పు ముందే రాసి ఉంటుంది

ప్లాస్టిక్ సీసా కన్నా గాజు సీసా పర్యావరణానికి మేలని ఒక నివేదిక చెబుతుంది. కాదు, ప్లాస్టికే మేలని ఇంకొకటి వస్తుంది. రెండూ జీవితచక్ర మదింపు పేరుతోనే, అంటే ముడిసరుకు నుంచి పారేసేదాకా ఒక వస్తువు పర్యావరణంపై మోపే భారాన్ని లెక్కగట్టే పద్ధతి పేరుతోనే వస్తాయి, రెండింట్లోనూ కూడికలు సరిగ్గానే ఉండొచ్చు. తేడా ఎక్కడ పుట్టిందో తెలియాలంటే చివర్లో ఉండే రంగురంగుల గ్రాఫులు వదిలేసి లక్ష్యం, పరిధి రాసిన పేజీలు తిరగేయాలి.

ఈ మదింపునకు ఐఎస్ఓ 14040, 14044 ప్రమాణాలున్నాయి. అధ్యయనం ఎందుకు చేస్తున్నారు, ఫలితం ఎవరి కోసం, రెండు వస్తువుల్లో ఫలానాది మేలని జనానికి చెప్పబోతున్నారా అన్నది లక్ష్యంలోనే రాయాలి. అలా చెప్పబోతుంటే, సంబంధిత పక్షాలతో కూడిన సమీక్ష బృందం అధ్యయనాన్ని పరిశీలించడం తప్పనిసరి. సీసా బరువు తగ్గించుకోవడానికి కంపెనీ లోపల వేసుకున్న లెక్కకు ఈ షరతు లేదు. ఆ లోపలి లెక్కే తర్వాత ప్రకటనగా మారితే అది మోసమే అని మా అభిప్రాయం.

పరిధిలో మొదట తేల్చాల్సింది దేనికి దేన్ని పోల్చాలన్నది. సీసాకు సీసా పోల్చినా, కిలోకు కిలో పోల్చినా తప్పే. సీసా చేసే పనిని కొలవాలి. దీన్నే ఫంక్షనల్ యూనిట్ అంటారు. ఉదాహరణకు, 1,000 లీటర్ల పానీయాన్ని లీటరు సీసాల్లో వినియోగదారుడికి చేర్చడం. ప్లాస్టిక్ సీసా 30 గ్రాములు, ఒకసారి వాడి పడేసే గాజు సీసా 450 గ్రాములు అనుకుందాం. అప్పుడు ఈ పనికి 30 కిలోల ప్లాస్టిక్ లేదా 450 కిలోల గాజు కావాలి. అదే 550 గ్రాముల గట్టి గాజు సీసాను కడిగి 20 సార్లు వాడితే, గాజు వాటా 27.5 కిలోలకు పడిపోతుంది. 27.5, 30 దగ్గరగా ఉన్నాయి కదా అని భారం సమానం అనుకోకూడదు. కిలో గాజు తయారీ, కిలో ప్లాస్టిక్ తయారీ వేర్వేరు కథలు.

ఇంతకీ ఆ 20 ఎక్కడిది? తయారీదారు చెప్పే మన్నికను తీసుకుంటే సంఖ్య పెద్దదవుతుంది. నిజానికి సీసా ఆయుష్షు తేల్చేది ప్రతి తిరుగుడులో పగిలేవి, వెనక్కి రానివి. నూటికి 5 పోతే సగటున 20 వాడకాలు, 10 పోతే 10 మాత్రమే. అప్పుడు గాజు 55 కిలోలవుతుంది. నింపే ప్లాంటు ఖాతాల్లో దీన్ని సరిచూసుకోవచ్చు. వ్యాపారం నిలకడగా ఉంటే, ఏడాదిలో నింపిన సీసాల సంఖ్యను కొత్తగా కొన్న సీసాల సంఖ్యతో భాగిస్తే అసలు సగటు బయటపడుతుంది.

ఏది లెక్కలోకి తీసుకోవాలి, ఏది వదిలేయాలి అనే హద్దుల దగ్గర ఇంకో మెలిక ఉంది. పానీయం రెండింట్లోనూ ఒకటే కాబట్టి దాని తయారీని లెక్కలోంచి తీసేస్తారు. అది సబబే. కానీ ప్లాస్టిక్ గోడలోంచి వాయువులు నెమ్మదిగా అటూ ఇటూ దాటుతాయి. ఆ కారణంగా పానీయం త్వరగా పాడై పారబోయాల్సి వస్తే, దాన్ని వదిలేయడం కుదరదు.

ఆ తర్వాతిది ఇన్వెంటరీ, అంటే ప్రతి దశలో లోపలికి వెళ్లినవి, బయటికి వచ్చినవి పద్దు రాయడం. ఓపిక పరీక్షించే పని ఇదే. గాజు కొలిమిలో వేడి 1,500 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్తుంది. ఇంధనం బిల్లు మాత్రమే తెచ్చుకుంటే, సోడా యాష్, సున్నపురాయి కరిగేటప్పుడు వాటిలోంచే వెలువడే కార్బన్ డయాక్సైడ్ జారిపోతుంది. కొలిమిలో వేసిన ముడిసరుకు బరువు, బయటికొచ్చిన గాజు బరువు పక్కపక్కన పెడితే ఆ లోటు కనబడుతుంది. ప్లాస్టిక్ వైపు, పెట్రోలియం ఇంధనంగానే కాక ముడిసరుకుగానూ ఖర్చవుతుంది. రెండూ విడిగా రాయాలి.

రవాణా సంగతి చూద్దాం. దూరం 300 కిలోమీటర్లయితే, నిండు ప్లాస్టిక్ సీసాల బరువు 1.03 టన్నులు కాబట్టి 309 టన్ను-కిలోమీటర్లు. తిరిగి వాడే గాజుకు 465, ఖాళీ సీసాల తిరుగు ప్రయాణానికి మరో 165, మొత్తం 630. ఇదీ తక్కువ అంచనాయే. ఖాళీ సీసాల లారీ బరువుతో కాదు, చోటుతో నిండిపోతుంది. అందుకే తిరుగు ప్రయాణానికి లారీ నిజంగా తాగిన డీజిల్ రాయడమే సరైనది. సీసాలు కడగడానికి వాడే వేడినీళ్లు, కాస్టిక్ సోడా కూడా ఈ పద్దులో ఉండాలి.

ఏదో ఒక సీసా మేలని బహిరంగంగా చెప్పే ప్రతి సంస్థా వాడకాల సంఖ్య, రవాణా దూరం, సమీక్ష బృందం అభిప్రాయం ఆ మాట పక్కనే ప్రచురించాలని మేం కోరుతున్నాం. 20 బదులు 10 వాడకాలు వేసినా తీర్పు నిలుస్తుందో మారుతుందో కూడా అక్కడే చెప్పాలి.