గెయిన్ తగ్గిస్తే ఆంప్లిఫయర్ కుదుటపడుతుందా?

సర్క్యూట్ ఆసిలేట్ అయినప్పుడు ఇలాంటి సలహా వినిపిస్తుంటుంది: “ఆప్ ఆంప్ ఆసిలేట్ అవుతోందంటే గెయిన్ ఎక్కువైందని అర్థం. గెయిన్ తగ్గించండి, 1 గెయిన్ బఫర్ అన్నిటికన్నా భద్రం. డేటాషీట్‌లోని బోడే ప్లాట్‌లో ఫేజ్ మార్జిన్ చూసుకుంటే చాలు. అయినా ఆగకపోతే అవుట్‌పుట్ నుంచి గ్రౌండ్‌కు ఒక కెపాసిటర్ పెట్టండి.”

మొదటి మాట వాస్తవానికి తలకిందులుగా ఉంది. స్థిరత్వాన్ని నిర్ణయించేది మనం బయట చూసే గెయిన్ కాదు, లూప్ చుట్టూ తిరిగివచ్చే గెయిన్. అవుట్‌పుట్‌లో ఎంత వంతు ఇన్‌పుట్‌కు తిరిగి వెళుతుందో ఆ వంతును బీటా అంటారు. నాన్ ఇన్వర్టింగ్ పద్ధతిలో గెయిన్ 10 అయితే బీటా పదో వంతు, బఫర్‌లో బీటా 1. ఆప్ ఆంప్ సొంత గెయిన్‌ను బీటాతో గుణిస్తే లూప్ గెయిన్ వస్తుంది. అంటే బయటి గెయిన్ తగ్గించినకొద్దీ లూప్ గెయిన్ పెరుగుతుంది.

దీన్ని ప్లాట్ మీద చూడటం తేలిక. ఒక ఆప్ ఆంప్ డీసీ గెయిన్ 100 డెసిబెల్స్, గెయిన్ పడిపోవడం మొదలయ్యే మొదటి పోల్ 100 హెర్ట్జ్ దగ్గర, ఆ పతనం ఇంకా నిటారుగా మారే రెండో పోల్ 2 మెగాహెర్ట్జ్ దగ్గర ఉన్నాయనుకుందాం. గెయిన్ 10 కావాలంటే 20 డెసిబెల్స్ ఎత్తున ఒక అడ్డగీత గీయాలి. ఆప్ ఆంప్ గెయిన్ వక్రం ఆ గీతను దాదాపు 0.91 మెగాహెర్ట్జ్ దగ్గర ఖండిస్తుంది. అదే ఫ్రీక్వెన్సీ దగ్గర కిందికి దిగి ఫేజ్ వక్రాన్ని చదివితే సుమారు -115 డిగ్రీలు ఉంటుంది, కాబట్టి -180కి ఇంకా 65 డిగ్రీల ఎడం మిగిలింది. ఇదే ఫేజ్ మార్జిన్. బఫర్‌కు అడ్డగీత 0 డెసిబెల్స్‌కు దిగుతుంది, ఖండన 4.25 మెగాహెర్ట్జ్‌కు జరుగుతుంది. అప్పటికి రెండో పోల్ తన ఫేజ్‌ను చాలావరకు తినేసింది కనుక మిగిలే మార్జిన్ 25 డిగ్రీలే. ఈ బఫర్‌కు 1 వోల్టు స్టెప్ ఇచ్చి ఆసిలోస్కోప్‌లో చూస్తే అవుట్‌పుట్ దాదాపు 1.5 వోల్టుల దాకా ఎగిరి, కొన్ని సార్లు ఊగి, ఆ తర్వాత నిలబడుతుంది. గెయిన్ 10 వద్ద ఆ ఎగుడు సుమారు 4 శాతమే.

ఇది కాగితం మీది ఊహ మాత్రమే కాదు. ఓపీ27 బఫర్‌గా పనిచేస్తుంది. దానికే వేగం పెంచి తయారుచేసిన ఓపీ37ను గెయిన్ 5కు తక్కువగా వాడకూడదని డేటాషీటే చెబుతుంది.

డేటాషీట్ మార్జిన్ చూస్తే చాలన్న రెండో మాటలో సగం నిజం ఉంది. ఆ ప్లాట్‌ను తయారీదారు తాను ఎంచుకున్న లోడ్‌తో కొలిచాడు; 0 డెసిబెల్ దగ్గరి మార్జిన్ బఫర్‌కు, అదీ ఆ లోడ్‌కు మాత్రమే వర్తిస్తుంది. ఫేజ్ అక్షాన్ని కూడా ముందు చదవాలి. కొందరు 0 నుంచి -180 వైపుకు గీస్తారు, కొందరు 180 నుంచి 0 వైపుకు దింపుతారు. రెండో రకంలో అంకె నేరుగా మార్జిన్. ఈ తేడా గమనించక 60ని 120గా చదివినవాళ్లు ఉన్నారు.

మూడో సలహా అన్నిటికన్నా ఎక్కువ చేటు చేస్తుంది. పై ఆప్ ఆంప్ అవుట్‌పుట్ రెసిస్టెన్స్ 100 ఓమ్‌లు అనుకొని, గ్రౌండ్‌కు 1 నానోఫారడ్ పెడితే 1.59 మెగాహెర్ట్జ్ దగ్గర కొత్త పోల్ పుడుతుంది, అదీ లూప్ లోపలే. బఫర్‌లో ఖండన 2.83 మెగాహెర్ట్జ్‌కు దిగుతుంది, కానీ అక్కడి ఫేజ్ -205 డిగ్రీలు. మార్జిన్ ఇప్పుడు సున్నాకు 25 డిగ్రీలు దిగువన ఉంది, కాబట్టి ఇంతవరకు ఊగి నిలబడిన బఫర్ ఇక ఆగకుండా ఆసిలేట్ అవుతుంది. అదే కెపాసిటర్‌తో గెయిన్ 10 సర్క్యూట్‌కు 40 డిగ్రీల మార్జిన్ మిగులుతుంది. కెపాసిటర్ చిన్నదవడం వల్ల పనిచేయలేదేమోనని 1 మైక్రోఫారడ్ పెట్టినా ఖండన సుమారు 126 కిలోహెర్ట్జ్‌కు జారుతుందే గాని, ఫేజ్ అక్కడ కూడా -183 దగ్గరే ఉంటుంది.

కెపాసిటివ్ లోడ్ తప్పనిసరి అయితే, ఫీడ్‌బ్యాక్‌ను ఆప్ ఆంప్ పిన్ నుంచే తీసుకొని, ఆ పిన్‌కూ 1 నానోఫారడ్‌కూ మధ్య 100 ఓమ్‌ల రెసిస్టర్ వేయాలి. అప్పుడు పోల్ 0.8 మెగాహెర్ట్జ్‌కు జరిగినా, 1.59 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక జీరో వచ్చి ఫేజ్‌ను తిరిగి పైకి లేపుతుంది. బఫర్ మార్జిన్ మైనస్ 25 నుంచి సుమారు ప్లస్ 20కి చేరుతుంది. ఆసిలేషన్ ఆగుతుంది, కానీ స్టెప్‌కు ఊగడం మాత్రం పోదు. ఎందుకంటే లోడ్ లేనప్పుడు కూడా ఈ ఆప్ ఆంప్‌కు బఫర్‌గా ఉన్నది 25 డిగ్రీలే. అంతకన్నా ఎక్కువ కావాలంటే గెయిన్ పెంచాలి, లేదా రెండో పోల్ ఇంకా దూరంగా ఉన్న ఆప్ ఆంప్‌ను ఎంచుకోవాలి.