కాలేయంలో ‘చీము’ అనగానే సూదేనా?

“కాలేయంలో చీముగడ్డ ఉందని స్కాన్‌లో వస్తే ఆలస్యం చేయకండి. అదే రోజు సూదితో చీము తీయించండి. మాత్రలతో చీము కరగదు. మలపరీక్షలో అమీబా లేకపోతే అది అమీబా గడ్డ కాదు. రక్తపరీక్షలో అమీబా అని వస్తే ఇక సందేహమే లేదు. వైద్యం అయ్యాక కూడా స్కాన్‌లో గడ్డ కనిపిస్తే జబ్బు తగ్గనట్టే. అందరికీ పంపండి.”

ఈ సందేశాన్ని నాకు చూపించింది టెక్కలి వైపు నుంచి వచ్చిన ఒక రోగి బావమరిది. రోగికి ముప్పై ఆరేళ్లు, తాటికల్లు తీసే పని. తొమ్మిది రోజులుగా జ్వరం, కుడి పక్కటెముకల కింద నొప్పి. గట్టిగా ఊపిరి పీలిస్తే ఆ నొప్పి కుడి భుజం దాకా పాకుతోంది. పక్కటెముకల సందున వేలితో నొక్కితే విలవిలలాడిపోయాడు. అల్ట్రాసౌండ్‌లో కాలేయం కుడి భాగంలో ఏడు సెంటీమీటర్ల గడ్డ ఒక్కటే ఉంది. “డాక్టరు గారూ, ఈ రోజే సూది వేసి తీసేయండి, ఖర్చుకు వెనకాడం” అన్నాడు బావమరిది. అతని ఆత్రం నాకు అర్థమైంది. కానీ ఆ రోజు సూది వేయలేదు. ఎందుకో చెప్పాలంటే ‘చీము’ అన్న మాట దగ్గరే మొదలుపెట్టాలి.

అమీబా గడ్డలో ఉండేది అసలు చీము కాదు. ఎంటమీబా హిస్టోలిటికా అనే ఏకకణ జీవి పెద్దపేగు గోడను తొలుచుకుని, పేగుల నుంచి కాలేయానికి వెళ్లే సిర ద్వారా అక్కడికి చేరి కాలేయ కణాలను చంపుతుంది. చచ్చిన కణాలు కరిగి చాక్లెట్ రంగులో, వాసన లేని చిక్కటి ద్రవంగా మారతాయి. అమీబాలు ఆ ద్రవం మధ్యలో దాదాపు ఉండవు. గడ్డ అంచున, బతికి ఉన్న కాలేయాన్ని ఆనుకుని ఉంటాయి. సూది మధ్యలోని ద్రవాన్ని లాగుతుంది తప్ప అంచున ఉన్న అమీబాను ఏమీ చేయలేదు. అక్కడికి చేరగలిగేది రక్తంలో ప్రయాణించే మెట్రోనిడజోల్ అనే మందు. పెద్దవారికి 500 నుంచి 750 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు, ఏడు నుంచి పది రోజులు ఇస్తే నూటికి తొంభై మందికి పైగా సూది లేకుండానే కోలుకుంటారు.

బాక్టీరియా వల్ల వచ్చే గడ్డ సంగతి వేరు. అందులో ఉన్నది నిజమైన చీము, దాని నిండా బతికి ఉన్న బాక్టీరియా. రక్తంలోని మందు ఆ చీము లోపలికి సరిగా చేరదు. మూడు సెంటీమీటర్ల లోపు చిన్న గడ్డలు మందులతో తగ్గవచ్చు గానీ, పెద్దవాటిని సూదితోనో గొట్టంతోనో ఖాళీ చేయాలి. యాంటీబయాటిక్స్ నాలుగు నుంచి ఆరు వారాలు వాడాలి. సందేశంలోని సలహా ఈ రెండో రకానికి చాలావరకు సరిపోతుంది. దాన్ని మొదటి రకానికి కూడా అంటగట్టడమే తప్పు.

మరి రెండింటినీ వేరు చేయడం ఎలా? స్కాన్ ఒక్కటే చాలదు. సీటీ స్కాన్‌లో కూడా రెండూ ఒకేలా కనిపించవచ్చు. మనిషిని చూడాలి. అమీబా గడ్డ ఎక్కువగా నడివయసులోపు మగవారిలో, కుడి వైపున, ఒక్కటిగా వస్తుంది. నిరుడు బొబ్బిలి దగ్గరి నుంచి వచ్చిన అరవై ఒక్కేళ్ల ఆమెకు మధుమేహం, పిత్తాశయంలో రాళ్లు ఉన్నాయి. వణుకుతో జ్వరం, కళ్లు పచ్చబడ్డాయి, కాలేయంలో మూడు గడ్డలు. రక్తపరీక్షలో అమీబా యాంటీబాడీలు కనిపించలేదు. ఆమెకు ఆ సాయంత్రమే పెద్ద గడ్డలోకి గొట్టం వేయించాం. కుళ్లు వాసనతో పచ్చటి చీము వచ్చింది, దాన్ని ల్యాబులో పెంచి చూసే కల్చర్‌లో క్లెబ్సియెల్లా అనే బాక్టీరియా పెరిగింది. ఆమె విషయంలో ఆగి ఉంటే ప్రాణానికే ముప్పు.

మలపరీక్ష గురించిన మాట పూర్తిగా తప్పు. కాలేయంలో గడ్డ ఏర్పడే నాటికి చాలామందికి విరేచనాలు ఉండవు, మలంలో అమీబా కూడా కనిపించదు. ఒకవేళ కనిపించినా, అచ్చం అలాగే ఉండే హానిచేయని ఎంటమీబా డిస్పార్‌ను మామూలు మైక్రోస్కోపు వేరు చేయలేదు.

రక్తపరీక్షలో వెతికేది అమీబాను కాదు, దానికి ఎదురుగా శరీరం తయారుచేసిన యాంటీబాడీలను. గడ్డ ఉన్నవారిలో తొంభై శాతానికి పైగా అవి కనిపిస్తాయి. అయితే మొదటి వారంలో ఇంకా తయారుకాకపోవచ్చు. అప్పుడు నెగటివ్ వస్తే వారం తరువాత మళ్లీ చేయించాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. అమీబా వచ్చిపోయాక ఆ యాంటీబాడీలు నెలలు, కొందరిలో ఏళ్ల తరబడి మిగిలిపోతాయి. అమీబా తరచుగా వచ్చే మన ప్రాంతంలో పాజిటివ్ రిపోర్టు పాత జబ్బు జ్ఞాపకం కూడా కావచ్చు. బొబ్బిలి ఆమెకు ఆ పరీక్ష పాజిటివ్ వచ్చి ఉన్నా నేను గొట్టం వేయించేవాణ్ణే.

టెక్కలి అతనికి రక్తం కల్చర్‌కూ యాంటీబాడీ పరీక్షకూ పంపి, ఫలితం వచ్చేదాకా మెట్రోనిడజోల్‌తో పాటు బాక్టీరియాను చంపే సెఫ్ట్రియాక్సోన్ కూడా ఇచ్చాం. సరైన మందు పడితే అమీబా జ్వరం మూడు, నాలుగు రోజుల్లో లొంగుతుంది. అతనికి మూడో రోజు సాయంత్రానికే జ్వరం దిగింది, నాలుగో రోజు కడుపునిండా అన్నం తిన్నాడు. యాంటీబాడీలు పాజిటివ్, కల్చర్‌లో ఏమీ పెరగలేదు. సెఫ్ట్రియాక్సోన్ ఆపేశాం. కల్లు మాత్రం ముట్టవద్దని గట్టిగా చెప్పాను. మెట్రోనిడజోల్ వాడుతూ తాగితే ముఖం ఎర్రబడి వాంతులు కావచ్చు.

అతనికి జ్వరం దిగకపోయి ఉంటే ఐదో రోజుకు నేనే సూదికి పంపేవాణ్ణి. అమీబా గడ్డకు కూడా సూది అవసరమయ్యే సందర్భాలు ఉన్నాయి. గడ్డ ఎడమ భాగంలో ఉంటే అది గుండె చుట్టూ ఉన్న పొరలోకి పగిలే ప్రమాదం ఉంది. గడ్డకూ కాలేయం పైపొరకూ మధ్య మిగిలిన కాలేయం సెంటీమీటరు కూడా లేకపోయినా, గడ్డ పది సెంటీమీటర్లు దాటినా, అది ఏ రకమో తేలకపోయినా ఎదురుచూడటం మంచిది కాదు. ఉన్నట్టుండి కడుపంతా నొప్పి, ఆయాసం, దగ్గితే గోధుమ రంగు కళ్లె వస్తే గడ్డ పగిలిందేమోనని వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. సూది వేసే ముందు మాత్రం రక్తం సరిగా గడ్డకడుతోందో లేదో, అది బద్దెపురుగు వల్ల ఏర్పడే హైడాటిడ్ తిత్తి అవునో కాదో చూడాలి. హైడాటిడ్‌లో సూది గుచ్చితే లోపలి ద్రవం కారి ప్రాణాంతకమైన అలర్జీ రావచ్చు.

పన్నెండో రోజు స్కాన్‌లో అతని గడ్డ ఆరున్నర సెంటీమీటర్లు. బావమరిది మళ్లీ ఫోను చేశాడు, ఈసారి గొంతులో భయం. అమీబాలు చచ్చినా ఆ చచ్చిన కణాల ద్రవాన్ని శరీరం మెల్లగా పీల్చుకోవాలి. దానికి నెలలు పడుతుంది, కొందరిలో ఏడాది కూడా. మొదటి రోజుల్లో గడ్డ కొంచెం పెద్దదిగా కనిపించడం కూడా ఉంది. తగ్గుదలను చెప్పేవి జ్వరం, నొప్పి, ఆకలి. ఒంట్లో బాగున్న మనిషికి వారం వారం స్కాన్ తీయించి సూది వేయించడం అనవసరం.

సందేశంలో ఒక్క మాట కూడా లేని విషయం రెండో మందు. మెట్రోనిడజోల్ కాలేయంలోని అమీబాను చంపుతుంది గానీ, పేగులో మిగిలినవాటిని పూర్తిగా తుడిచిపెట్టదు. అవి మిగిలితే జబ్బు తిరగబెట్టవచ్చు, ఇంట్లోవారికీ అంటవచ్చు. అందుకే ఆ కోర్సు ముగిశాక డైలోక్సనైడ్ ఫ్యూరోయేట్ 500 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు, పది రోజులు ఇస్తాం. టెక్కలి అతను బాగైపోయానని దాన్ని నాలుగు రోజులకే ఆపేశాడు. బావమరిదే చీటీ చూసి, మిగిలిన మాత్రలు దగ్గరుండి మింగించాడు. ఆరు నెలల తరువాత తీసిన స్కాన్‌లో గడ్డ ఉన్న చోట రెండు సెంటీమీటర్ల మచ్చ మాత్రమే మిగిలింది.