మాక్స్ పెయిన్ వారి మహిమ

ఆప్షన్ల గడువు తీరే ఎక్స్‌పైరీ రోజున షేరు ధరను లాక్కెళ్లి ఒక స్ట్రైక్‌కు, అంటే ఆప్షన్‌లో ముందే రాసుకున్న ధరకు, కట్టేసే అదృశ్య శక్తి ఉందట. దాని పేరు మాక్స్ పెయిన్. వెనకుండి నడిపేది ఆప్షన్లు అమ్మే రైటర్లట. వాళ్లంతా ఒకే ఉమ్మడి కుటుంబమట. కొన్నవాళ్లకు చెల్లించాల్సిన మొత్తం ఎక్కడ అతి తక్కువో అక్కడికి ధరను తోసుకుపోతారట. ధర పడితే చెల్లించాల్సిన 90 పుట్ అమ్మినవాడికీ, పెరిగితే చెల్లించాల్సిన 110 కాల్ అమ్మినవాడికీ కోరికలు వేరు కదా అని అడగకూడదు. ఉమ్మడి కుటుంబంలో అలాంటి ప్రశ్నలు కుదరవు. ఇంత పెద్ద కుట్రకు ఆధారమైన ఓపెన్ ఇంట్రెస్ట్ పట్టిక, అంటే ఏ స్ట్రైక్‌లో ఎన్ని కాంట్రాక్టులు ఇంకా తెరిచి ఉన్నాయో చెప్పే పట్టిక, మాత్రం అందరికీ అందుబాటులోనే ఉంటుంది. కూడికలు వస్తే చాలు, కుట్ర బయటపడిపోతుంది.

మనమూ కూడదాం. ధర 100 దగ్గరుంది, స్ట్రైక్‌లు మూడే. కాల్స్ 90లో 100, 100లో 400, 110లో 500 ఉన్నాయి. పుట్స్ 90లో 500, 100లో 400, 110లో 100. ధర 100 దగ్గర ముగిస్తే 90 స్ట్రైక్ కాల్స్‌కు 1000, 110 స్ట్రైక్ పుట్స్‌కు 1000, మొత్తం 2000 చెల్లించాలి. 90 దగ్గర ముగిసినా, 110 దగ్గర ముగిసినా అది 6000 అవుతుంది. కాబట్టి మాక్స్ పెయిన్ వారు 100 దగ్గర కొలువుదీరి ఉన్నారు.

ఇప్పుడేదో వార్త వచ్చి ధర 110కి ఎగబాకింది. సిద్ధాంతం ప్రకారం అది బుద్ధిగా 100కి తిరిగి రావాలి. రాలేదు. ట్రేడింగ్ ఎప్పుడూ ధర చుట్టుపక్కల స్ట్రైక్‌లలోనే జోరుగా ఉంటుంది కనుక, 110 స్ట్రైక్‌లో కొత్తగా 600 పుట్స్ పుట్టుకొచ్చాయి. మళ్లీ కూడండి. 100 దగ్గర ముగిస్తే చెల్లింపు 8000, 110 దగ్గరైతే 6000. మాక్స్ పెయిన్ వారు మూటాముల్లె సర్దుకుని 110కి మకాం మార్చేశారు! ఎక్స్‌పైరీ కూడా 110 దగ్గరే ముగిస్తే, భక్తులు ఆ ఉదయం తీసిన స్క్రీన్‌షాట్ చూపించి 'చెప్పామా లేదా' అంటారు. చెప్పారు, నిజమే. బండి వెళ్లిపోయాక దాని వెనక పడిన చక్రాల జాడ చూసి, ఈ జాడే బండిని లాగిందని చెప్పారు.

ఈ మహిమను పరీక్షించడం కష్టమేమీ కాదు. ఎక్స్‌పైరీకి ఐదు ట్రేడింగ్ రోజుల ముందు క్లోజింగ్ సమయంలో రెండు అంకెలు రాసి పెట్టండి: ఆ నాటి మాక్స్ పెయిన్, ఆ నాటి ధర. తర్వాత దిద్దకండి. ముగింపు ధరకు రెంటిలో ఏది ఎంత దూరంలో ఉందో ఎక్స్‌పైరీల తరబడి కొలవండి. 'ధర ఉన్నచోటే ఉంటుంది' అన్న సోమరి జోస్యం కంటే మాక్స్ పెయిన్ తప్పు తక్కువగా ఉండాలి. లేకపోతే ఆ కూడికలన్నీ వృథా ప్రయాసే. 'ఒక శాతం లోపల పడింది' అన్న గొప్పలు కూడా ఇక్కడే తేలిపోతాయి. వారమంతా తిరిగినా ధర మామూలుగా ఒకటి, రెండు శాతం మించి కదలని చోట, ఒక శాతం గురికి కళ్లు మూసుకుని విసిరినా రాయి తగులుతుంది.

అంటే పిన్నింగ్, ధర స్ట్రైక్‌కు అతుక్కోవడం, ఒట్టి మాటేనా? కాదు, తమాషా అంతా అక్కడే ఉంది. ని, పియర్సన్, పోటెష్‌మన్ అనే ముగ్గురు 2005లో అమెరికా షేర్ల మీద ప్రచురించిన పరిశోధనలో, ఆప్షన్లున్న షేర్లు ఎక్స్‌పైరీ రోజున స్ట్రైక్ ధరల దగ్గర గుమిగూడతాయని తేలింది. ప్రభావం సగటున కనీసం 0.165 శాతం. దానికి వాళ్లు చూపిన కారణాల్లో కొందరు ట్రేడర్లు ధరను కావాలని నెట్టడం ఒకటి, కనుక కుట్ర భక్తులకు కాస్త ప్రసాదం దక్కింది. రెండోది, కొనడానికీ అమ్మడానికీ ఎప్పుడూ సిద్ధంగా ఉండే మార్కెట్ మేకర్ల హెడ్జింగ్, అంటే ధర కదలికకు నష్టపోకుండా షేర్లు కొంటూ అమ్ముతూ పోవడం. కానీ ఆ గుమిగూడడం దగ్గర్లోని స్ట్రైక్‌ల దగ్గర. పట్టికంతా కూడి తేల్చిన ఒకే ఒక్క మాక్స్ పెయిన్ స్ట్రైక్ దగ్గర అని కాదు.

హెడ్జింగ్ సంగతి మరీ ఇబ్బందికరం. ఆప్షన్లు కొని పెట్టుకుని డెల్టా హెడ్జ్ చేసేవాడు, ధర స్ట్రైక్ పైకి పోతే షేర్లు అమ్ముతాడు, కిందికి పోతే కొంటాడు. అలా ధర స్ట్రైక్ దగ్గరికి వెనక్కి వస్తుంది. ఆప్షన్లు అమ్మి హెడ్జ్ చేసేవాడు సరిగ్గా తిరగేసి చేయాలి: పెరిగితే కొనాలి, పడితే అమ్మాలి. ధరను స్ట్రైక్ నుంచి తరిమేసేది అతనే. అంటే హెడ్జ్ చేసే రైటరు, సిద్ధాంతం అతనికి అప్పగించిన పనికి ఎదురు పని చేస్తున్నాడు. హెడ్జ్ చేసుకున్నాక ధర ఎక్కడ ముగిసినా అతనికి పెద్ద పట్టింపు ఉండదు కూడా.

ఇక ఏ స్ట్రైక్‌లో హెడ్జ్ చేసేది కొన్నవాడా, అమ్మినవాడా? పిన్నింగ్ జరుగుతుందో లేదో తేల్చే ప్రశ్న ఇదే. ప్రతి కాంట్రాక్టుకూ ఒక కొన్నవాడు, ఒక అమ్మినవాడు ఉంటారు. ఓపెన్ ఇంట్రెస్ట్ ఇద్దరినీ కలిపి ఒకటిగా లెక్కేసి ఊరుకుంటుంది. మాక్స్ పెయిన్ వారు కొలువు తీర్చే ఆ పట్టికలో ఈ ఒక్క గడీ లేదు.