ఎనిమిదేసి ఫ్రేములు కోసుకుంటూ పోతే వేగం పెరగదు

ఈమధ్య ఏ షార్ట్ ఫిల్మ్ చూసినా ఇదే తంతు. క్లైమాక్స్ ముందు చిన్న చిన్న షాట్లు వరసగా పేర్చిన మాంటేజ్ మొదలవుతుంది. మొదటి షాటే అర సెకను. రెండోదీ అర సెకనే. చివరిదాకా అంతే. దీన్ని వేగం పెరగడం అని ఎలా అంటారు? మొదటి అడుగు నుంచే పరుగెత్తేవాడు ఇక ఎక్కడ వేగం పెంచుతాడు? నిదానంగా ఉన్న షాట్ ఒకటి ముందు కనబడితేనే కదా, తర్వాతిది తొందరపడుతోందని తెలిసేది!

నేను చేసిన తప్పు ఇంకో రకం. ఈత పోటీ ఫైనల్ సీను ఎడిట్ చేస్తున్నాను. నీళ్లలో అమ్మాయి, గట్టున స్టాప్‌వాచ్ పట్టుకున్న కోచ్, గోడ మీద గడియారం. కొలను చివరి గోడను ఆమె అరచెయ్యి తాకేలోపు పన్నెండు షాట్లు. సెకనుకు 24 ఫ్రేములు కాబట్టి, మొదటి షాట్‌కి 4 సెకన్లు, అంటే 96 ఫ్రేములు ఇచ్చి, అక్కణ్ణుంచి షాట్‌కి ఎనిమిదేసి తగ్గించాను. 96, 88, 80... చివరిది 8. మొత్తం 26 సెకన్లు. టైమ్‌లైన్ మీద మెట్లన్నీ సమానంగా, ముచ్చటగా ఉన్నాయి. ప్లే చేస్తే సగం దాటేదాకా అసలు కదలికే లేదు. చివరి మూడు షాట్లలో మాత్రం అంతా ఒక్కసారి మీద పడినట్టు అనిపించింది.

ఎందుకంటే కన్ను ఫ్రేములు లెక్కపెట్టదు, ఇప్పటి షాట్‌ని ఇందాకటి షాట్‌తో పోల్చుకుంటుంది. 96 నుంచి 88కి వస్తే తగ్గింది పన్నెండో వంతు, ఎవరికీ తెలియదు. 16 నుంచి 8కి వస్తే సగం పోయింది. తీసేసింది రెండు చోట్లా ఎనిమిదే! సమానంగా ఉండాల్సింది తీసేసే ఫ్రేములు కాదు, తగ్గే వంతు. అందుకని ప్రతి షాట్‌నీ దాని ముందుదాంట్లో ఐదింట నాలుగు వంతులు చేశాను: 96, 77, 61, 49, 39, 31, 25, 20, 16, 13, 10, 8. మొదలూ అదే, చివరా అదే, షాట్లూ పన్నెండే. నిడివి మాత్రం పద్దెనిమిదిన్నర సెకన్లకు దిగింది. రెండో కట్ నుంచే ఒంట్లో బిగువు తెలిసింది. ఆ తర్వాత చెయ్యి నీటిని కొట్టే క్షణానికి కట్ పడేలా రెండు మూడు ఫ్రేములు అటూ ఇటూ జరిపాను. అంకెల్ని అంతకంటే పట్టుకుని కూర్చోవద్దు.

బీట్‌కి కట్ చేస్తే సరిపోతుందనే వాళ్లకు ఒక మాట. నిమిషానికి 120 బీట్ల పాటలో ఒక బీటు 12 ఫ్రేములు. నాలుగు బీట్లు, రెండు, ఒకటి అని సగాలు చేసుకుంటూ పోతే మూడో కట్‌కే చూసేవాడు మీ లెక్క కనిపెట్టేస్తాడు.

అయినా పని పూర్తవలేదు. 16 ఫ్రేముల తొమ్మిదో షాట్ మొత్తం కొలను కనబడే వైడ్ షాట్. అందులో ఆ అమ్మాయి ఎక్కడుందో వెతుక్కునేలోపే షాట్ అయిపోతోంది. నిడివి తగ్గేకొద్దీ షాట్‌లో ఉన్న విషయం కూడా తగ్గాలి. వైడ్ షాట్లన్నీ మొదటి నాలుగింటిలోకి తెచ్చేశాను. చివరి ఆరింటిలో క్లోజప్పులే: గాలి మింగే నోరు, స్టాప్‌వాచ్ మీద బొటనవేలు, సెకన్ల ముల్లు. అవీ కొత్తవి కావు. ఆ బొటనవేలు రెండో షాట్‌లోనే మూడు సెకన్లకు పైగా కనబడింది కాబట్టే చివర్లో 10 ఫ్రేముల్లో గుర్తుపట్టగలం. 1923లోనే ఫ్రెంచ్ దర్శకుడు ఆబెల్ గాన్స్ తన సినిమా ‘లా రూ’లో షాట్‌ని ఒక్క ఫ్రేము దాకా కుదించాడు. అందులో లోయ అంచున వేలాడే మనిషికి గుర్తొచ్చే, అతను ప్రేమించిన అమ్మాయి ముఖం మనం అప్పటికే ఎన్నోసార్లు చూసిందే!

ఇంకోటి, చూపు ఉండే చోటు. నోరు తెరకు ఎడమ అంచున, తర్వాతి బొటనవేలు కుడి అంచున ఉన్నాయి. చూపు అటు దూకడం మొదలుపెట్టడానికే దాదాపు సెకనులో ఐదో వంతు పడుతుంది, అంటే ఐదు ఫ్రేములు. 10 ఫ్రేముల షాట్‌లో సగం అక్కడే పోయింది. బొమ్మని కాస్త పెద్దది చేసి రెండింటినీ మధ్యకు లాక్కొచ్చాను.

ఇవేవీ నాకు నేనుగా కనబడలేదు. యాభైసార్లు చూసిన ఎడిటర్‌కి 4 ఫ్రేముల షాట్ కూడా అర్థమైపోతుంది. ఆ సినిమా గురించి ఏమీ తెలియని స్నేహితుడికి ఒక్కసారే వేసి, చివరి నాలుగు షాట్లలో ఏం చూశావని అడిగాను. రెండే చెప్పగలిగాడు. మార్పులయ్యాక ఇంకొకరిని కూర్చోబెట్టాను, నాలుగూ చెప్పారు.

గోడను తాకే అరచేతికి మొదట్లో అదే ఊపులో 12 ఫ్రేములే ఇచ్చాను. తాకిందని తెలిసేలోపే కథ ముందుకెళ్లిపోయింది. ఇప్పుడది 5 సెకన్లు. అరుపులన్నీ ఆ కట్ దగ్గరే ఆగిపోతాయి. తడిసిన పలకల మీద అయిదు వేళ్లు, నీళ్ల చప్పుడు, అంతే.