15 4 అని టిక్ పెట్టి వచ్చేశా, ఆన్సర్ 19 5 అంట

ప్లేస్‌మెంట్ ఆన్‌లైన్ టెస్ట్ అయ్యి పది రోజులైంది, ఆ ఒక్క ప్రశ్న మాత్రం ఇంకా గొంతులో ముల్లులా ఉంది. కంపెనీ పేరు ఎందుకులెండి, తప్పు వాళ్ళది కాదు. యాప్టిట్యూడ్ బానే చేశా, ఇంగ్లీష్ ఏదో గట్టెక్కింది, సూడోకోడ్ సెక్షన్‌లో ఒక ఫ్లోచార్ట్ ఇచ్చి ఏం ప్రింట్ అవుతుంది అన్నారు. పెద్ద కష్టమేం కాదు, ఒకే ఒక లూప్, నాలుగంకెల నంబరు. నేను మెకానికల్ వాడినే గానీ ఫస్ట్ ఇయర్‌లో సి ల్యాబ్ చేసినవాడినే కదా, చాలావరకు బుర్రలోనే తిప్పేసి నలభై సెకన్లలో ఆన్సర్ కొట్టేసి, టైమ్ మిగిల్చానని లోపల లోపల మురిసిపోయా కూడా.

రూమ్‌కొచ్చాక మా రూమ్మేట్ అడిగాడు, "ఆ ఫ్లోచార్ట్‌కి ఏం పెట్టావురా?"

"15 4."

"నేను 19 5 పెట్టా."

"పోరా, నాలుగంకెలకి 5 ఎలా వస్తుంది?" అని నేనే వాడిని దబాయించా. వాడు ఏం వాదించలేదు. ల్యాప్‌టాప్ తీసి నోట్‌ప్యాడ్ ఓపెన్ చేసి, గుర్తున్న ఫ్లోచార్ట్‌ని ఒక్కో డబ్బాకీ ఒక నంబర్ వేస్తూ లైన్లుగా టైప్ చేయడం మొదలెట్టాడు. మా ఇద్దరికీ గుర్తున్నంత వరకు అది ఇలా ఉంది:

```
1  n = 4726
2  s = 0, k = 1
3  if n == 0 goto 9
4  d = n mod 10
5  n = n / 10        (integer)
6  if d > n mod 10   s = s + d
   else              s = s + k
7  k = k + 1
8  goto 3
9  print s, k
```

ఇలా టైప్ చేసి పెట్టగానే సగం సంగతి అక్కడే బయటపడింది. బొమ్మలో ఉన్నప్పుడు నా కన్ను డైమండ్ నుంచి డైమండ్‌కి దూకేసింది, మధ్యలో ఉన్న చిన్న చిన్న రెక్టాంగిల్స్‌ని "ఆఁ, అంకె తీస్తున్నాడు, పదితో భాగిస్తున్నాడు, తెలిసిందేలే" అని దాటేశా. లైన్లలో పెడితే అలా దాటేయడానికి ఉండదు, 5 అనే లైన్ 6 కంటే పైనుంది, అంతే. అంటే ఆరో లైన్‌కి వచ్చేసరికే n మారిపోయింది. mod 10 అంటే పదితో భాగిస్తే మిగిలేది, అంటే చివరంకె. కానీ అక్కడ `n mod 10` అంటే ఇప్పుడే తీసిన అంకె కాదు, దాని ఎడమ పక్క అంకె. ప్రశ్న మొత్తం నిలబడింది దీని మీదే.

తర్వాత వాడు చేసింది ఇంకా మామూలు పని. ఏ లైన్ నడిస్తే ఆ లైన్ నంబర్ వేసి, ఆ లైన్ వల్ల ఏది మారిందో అది మాత్రమే టైప్ చేశాడు.

```
1   n=4726
2   s=0  k=1
3   n==0?  no
4   d=6
5   n=472
6   6>2  yes   s=6
7   k=2
3   n==0?  no
4   d=2
5   n=47
6   2>7  no    s=6+2=8
7   k=3
```

రెండో రౌండ్‌లో ఆరో లైన్ చూడండి. 2 అనే అంకె 7 కంటే చిన్నది కాబట్టి d కలపకూడదు, k కలపాలి, అప్పటికి k విలువ 2. ఇక్కడ d కూడా 2, k కూడా 2. అంటే తప్పు దారిలో వెళ్ళినా s కి 8 ఏ వస్తుంది. బుర్రలో చేసేవాడికి నేను ఏ కొమ్మలోకి వెళ్ళానో కూడా తెలీదు, లెక్క సరిపోయింది కదా అని ముందుకు పోతాడు. ప్రశ్న రాసినాయన కావాలనే పెట్టాడో యాదృచ్ఛికమో తెలీదు గానీ నాకైతే ఒళ్ళు మండింది.

మూడో రౌండ్: d కి 7, n కి 4, 7 పెద్దది, s 15, k 4. నేను ఆగిపోయింది ఇక్కడే. ఇంకా ఒక్క అంకె మిగిలింది, దాని పక్కన పోల్చడానికి ఏం లేదు, అయిపోయిందిలే అని నా బుర్ర తనంతట తానే లూప్ మూసేసింది. ఫ్లోచార్ట్‌లో అలా ఎక్కడా లేదు! మూడో లైన్ అడుగుతున్నది n సున్నా అయ్యిందా అని, అప్పటికి n 4. కాలేదు. మళ్ళీ లోపలికెళ్ళాలి. d కి 4, n కి 0, 4 కంటే 0 చిన్నది కాబట్టి s 19, k 5. ఇప్పుడు మూడో లైన్‌కి వస్తే n సున్నా, తొమ్మిదికి పో, 19 5 ప్రింట్ చేయి. k ఒకటితో మొదలై నాలుగుసార్లు పెరిగింది కాబట్టి 5, ఇందులో వింతేం లేదు, నేనే అంకెల లెక్కకీ k కీ లంకె పెట్టేసుకున్నా.

నన్ను బాగా కుదిపేసింది ఆప్షన్లు గుర్తు తెచ్చుకున్నప్పుడు. 10 5, 19 4, 19 5, 15 4. ఇవి ఏవో వేసేసిన అంకెలు కాదండీ బాబూ. ఆరో లైన్‌లో పాత n వాడారనుకోండి, ఒక అంకె తనకంటే తానే పెద్దది కాలేదు కాబట్టి ప్రతిసారీ k నే కలుస్తుంది, 1+2+3+4, అంటే 10 5. చివరి పెంపు మర్చిపోతే 19 4 టిక్ పెట్టడానికి రెడీగా ఉంటుంది. చివరి రౌండ్ వదిలేస్తే 15 4, అంటే మన బాపతు. ఒక్కో తప్పుకీ ఒక్కో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. మనం తప్పు చేసి ఆప్షన్లు చూస్తే మన ఆన్సర్ అక్కడే నవ్వుతూ కనిపిస్తుంది, అరే కరెక్టే అన్నమాట అనుకుని ముందుకు పోతాం. ఆన్సర్ ఆప్షన్లలో ఉండటం ఈ టైప్ ప్రశ్నల్లో దేనికీ సాక్ష్యం కాదు.

ఇక్కడ మా ఫస్ట్ ఇయర్ సి ల్యాబ్ రికార్డు గురించి ఒక మాట అనకపోతే నాకు నిద్ర పట్టదు. ప్రతి ప్రోగ్రామ్‌కీ ఎయిమ్, ఆల్గారిథం, ఫ్లోచార్ట్, ప్రోగ్రామ్, అవుట్‌పుట్. ఫ్లోచార్ట్ పెన్సిల్‌తోనే వేయాలి, డైమండ్ వంకర పోతే కొట్టేసి మళ్ళీ వేయమనేవాళ్ళు, యారో గుర్తు లేకపోతే సంతకం లేదు. ఏడాదంతా కలిపి ఒక ఇరవై ఫ్లోచార్ట్‌లు వేసి ఉంటా, అన్నీ సీనియర్ రికార్డులోంచి దించినవే, ఒక్కదాంట్లో కూడా ఒక నంబర్ లోపలికి పంపి అది ఏ బాణం మీద ఎటు పోతుందో చూడలేదు, చూడమని అడిగినోళ్ళూ లేరు. బొమ్మ అందంగా వేయడం వచ్చు, చదవడం రాదు, ఇదీ మన పరిస్థితి.

సరే, మా వాడిని చూసి నేనూ మర్నాటి నుంచి టైప్ చేయడం మొదలెట్టా. ఇంత పొడుగ్గా ఎవడు రాస్తాడు, టేబుల్ వేసుకుంటే అయిపోతుంది కదా అని తెలివి ప్రదర్శించి n, d, s, k అని కాలమ్స్ పెట్టుకున్నా. అదే ప్రశ్న, ఆన్సర్ తెలిసి కూడా మళ్ళీ తప్పొచ్చింది! ఎందుకంటే వరసలో మొదటి కాలమ్ n కాబట్టి ముందు 472 నింపేశా, ఆ తర్వాత d కోసం ఎడమ పక్కకి చూస్తే 472 కనపడింది, దాని చివరంకె 2 వేసేశా. 6 గల్లంతు. అసలు సంగతేంటంటే టేబుల్‌లో కాలమ్స్ ఏ వరసలో విలువలు మారతాయో ఆ వరసలోనే ఉండాలి, పోలికకి కూడా దాని చోట దానికి ఒక కాలమ్ ఉండాలి:

```
d    n     d > n mod 10   s    k
-    4726  -              0    1
6    472   6>2  yes       6    2
2    47    2>7  no        8    3
7    4     7>4  yes       15   4
4    0     4>0  yes       19   5
```

ఇలా పెడితే ఒక్కో వరస ఎడమ నుంచి కుడికి నింపుకుంటూ పోవడమే. కొత్త రకం ఫ్లోచార్ట్ అయితే మొదటి రౌండ్ మాత్రం లైన్ లైన్‌గా, లైన్ నంబర్లతో టైప్ చేస్తా, వరస అర్థమయ్యాక టేబుల్‌కి మారతా. పాత విలువని చెరపకూడదు, ఇది ఇంకో పెద్ద విషయం. టెస్ట్‌లో రఫ్ పేపర్ మీద నేను s పక్కన 6 రాసి, కొట్టేసి 8 రాసి, దాన్ని 15 గా దిద్దా, చివరికి అదొక నల్ల మచ్చ అయింది, మధ్యలో అనుమానమొస్తే వెనక్కి వెళ్ళడానికి దారి లేదు. కింద కింద కొత్త లైన్‌గా ఉంటే ఏ రౌండ్‌లో దారి తప్పానో వేలు పెట్టి చూపించొచ్చు.

"ఇదంతా ఎందుకు, పైథాన్‌లో కొట్టి రన్ చేస్తే ఆన్సర్ వస్తుంది కదా" అని మా కజిన్ అన్నాడు. రన్ చేస్తే ఆన్సర్ వస్తుంది గానీ నేను ఎక్కడ జారానో రాదు. పైగా ఉన్నదున్నట్టు `n / 10` అని కొట్టి చూడమన్నా. పైథాన్‌లో `/` అంటే దశాంశాలతో భాగహారం, 4726 కాస్తా 472.6, తర్వాత 47.26, అలా చిక్కిపోతూ పోతుందే గానీ సున్నా అవదు. కంప్యూటర్ ఇక పట్టుకోలేనంత చిన్నదయ్యాక అప్పుడు సున్నా అవుతుంది, ఈలోపు లూప్ మూడొందల సార్లు పైగా తిరిగేస్తుంది. k 5 రావాల్సింది ఎంతొచ్చిందో చూసి వాడు నోరు మూసుకున్నాడు. అక్కడ `//` పెట్టాలి. సి లో n, 10 రెండూ పూర్ణాంకాలే కాబట్టి `/` చాలు. ప్రశ్నలో పూర్ణాంకాలే అని ఎక్కడ రాశారో వెతుక్కోవడం కూడా ట్రేసింగ్‌లో భాగమే.

టైప్ చేస్తే అన్నీ తేలిపోతాయని కూడా అనను. నిఘా ఉన్న టెస్ట్‌లో వేరే విండో తెరిస్తే పని అయిపోయినట్టే, అక్కడ రఫ్ పేపరే గతి, కొన్నిట్లో అదీ ఇవ్వరు, ముందే రూల్ చూసుకోండి. ఇంట్లో టైప్ చేసి అలవాటు చేసుకున్న వరసే పేపర్ మీదకి వస్తుంది, ఉపయోగం అంతవరకే. లూప్ వందసార్లు తిరిగేదైతే వంద వరసలు రాయలేం, మొదటి మూడు నాలుగు రాసి పద్ధతి పట్టుకుని, చివరి రౌండ్ మాత్రం మళ్ళీ చేత్తో నడిపి చూడాలి. నేను పడిన గుంట చివరి రౌండ్‌లోనే కదా.

నిన్న మా వాడు ఆ ఫ్లోచార్ట్‌నే కొంచెం మార్చి ఇచ్చాడు. `n == 0` అడిగే డైమండ్‌ని పైనుంచి తీసేసి ఏడో లైన్ తర్వాత పెట్టి, n కి 0 ఇచ్చాడు. పైన ఉన్నప్పుడైతే లోపలికే వెళ్ళదు, 0 1 ప్రింట్ అవుతుంది. కింద ఉంటే ఒక రౌండ్ తిరిగాక గానీ అడగడు, d 0, n 0, 0 కంటే 0 పెద్దది కాదు కాబట్టి s లో k కలిసి 1, k 2. ఈసారి నోటితో ఏం చెప్పకుండా అయిదు లైన్లు టైప్ చేసి 1 2 అని చూపించా. వాడు స్క్రీన్ వైపు చూసి, "సరే, టీ డబ్బులు నేనిస్తాలే" అన్నాడు.