ఇరవై అడుగుల దూరంలో మేధావి

పర్లాకిమిడి చుట్టుపక్కల బళ్లలో కళ్ల పరీక్ష ఎలా జరుగుతుందో మీకు తెలియనిది కాదు. గోడకు చార్టు తగిలిస్తారు. ఇరవై అడుగులు కొలిచి సుద్దతో గీత గీస్తారు. పిల్లలు వరసగా వచ్చి ఒక కన్ను మూసుకుని చదువుతారు. కింది వరస దాకా చదివినవాడి పేరు పక్కన 'నార్మల్' అని పడుతుంది. అక్కడితో వాడి కళ్లు నిర్దోషులు. ఇక వాడు పుస్తకం చదవలేకపోతే ఆ నేరం వాడిదే.

ఈ పద్ధతంటే నాకు అపారమైన గౌరవం. పుస్తకం ఉండేది అడుగు దూరంలో కాబట్టి చూపును ఇరవై అడుగుల దూరంలో పరీక్షించాలని తేల్చిన బుర్ర మామూలు బుర్ర కాదు. నా బాధల్లా ఒకటే, ఈ సంస్కరణను సగంలో వదిలేశారు. పాఠ్యపుస్తకాలను కూడా ఎదురు గోడకు అంటించాలి కదా! పరీక్షల్లో ప్రశ్నపత్రం ఇరవై అడుగుల అవతల వేలాడాలి. జవాబులు రాయడానికి ఒక్కొక్కడికీ ఇరవై అడుగుల వెదురుగెడ, దాని చివర పెన్సిలు. ఆ మూల కుర్రాడి గెడ ఈ మూల కుర్రాడి గెడకు చిక్కుకుంటే విడదీయడానికి ఒక ఇన్విజిలేటరు. కాపీ కొట్టినవాడి గెడను స్వాధీనం చేసుకోవడానికి ఒక స్క్వాడ్. గెడలు మోసుకెళ్లడానికి లారీ, లారీకి టెండరు. టెండరు దాకా వచ్చిందంటే పని జరిగినట్టే.

మా వీధిలో మూడో తరగతి గుంటడొకడున్నాడు. చార్టు మీద కింది వరస గుక్క తిప్పుకోకుండా చదివాడు. అదే గుంటడు ఒడియా వాచకం తీస్తే మొదటి నాలుగు లైన్లు బాగానే చదువుతాడు. అయిదో లైనులో తడబడతాడు. ఆరో లైను వదిలేసి ఏడులోకి దూకుతాడు. ఆ తర్వాత కళ్లు నులుముకుంటాడు, కిటికీలోంచి బయటికి చూస్తాడు. మాస్టారి తీర్పు: 'నాలుగు లైన్లు చదివినవాడు అయిదోది చదవలేడా? పొగరు!' ప్రోగ్రెస్ కార్డులో మాత్రం మర్యాదగా 'ధ్యాస లేదు' అని రాశారు.

బంధువుల దగ్గర ఇంకో కారణం సిద్ధంగా ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పాపం పిల్లాడు నలిగిపోతున్నాడని. సరిహద్దులో ఉన్నందుకు మనకు దొరికిన గొప్ప సౌకర్యం ఇది. ఏ జబ్బునైనా భాష మీదికి నెట్టేయొచ్చు. కానీ వాళ్లమ్మ ఓ సాయంత్రం తెలుగు పుస్తకం చేతికిస్తే అందులోనూ అంతే, నాలుగు లైన్ల తర్వాత అదే తడబాటు. భాష రాకపోతే మొదటి లైనే రాకూడదు కదా? పైగా ఆవిడ చదివి వినిపిస్తే ఏ భాషలోనైనా కథంతా తిరిగి చెప్పేస్తున్నాడు. ధ్యాస లేనివాడికి చెవుల దగ్గర మాత్రం అంత ధ్యాస ఎక్కడిది?

వాడికున్నది దీర్ఘదృష్టి. కళ్లద్దాల షాపులో ప్లస్ పవర్ అంటారు. కనుగుడ్డు కాస్త పొట్టిగా ఉంటుంది కాబట్టి బొమ్మ రెటీనా మీద కాకుండా దాని వెనక్కి పడబోతుంది. పిల్లల కంట్లో కటకం మెత్తగా ఉంటుంది. లోపలి చిన్న కండరం బిగిస్తే కటకం ఉబ్బి ఆ బొమ్మను ముందుకు లాగుతుంది. చార్టు ముందు గుంటడు ఆ పనే చేశాడు, అదీ తనకు తెలియకుండానే. అందుకే చార్టు పాసయ్యాడు. ఆ చార్టు పట్టేది ముఖ్యంగా మైనస్ పవర్‌ని. దానికి అది మంచిదే, కాదనను.

పుస్తకం దగ్గర లెక్క మారుతుంది. అడుగు దూరంలో అక్షరం చదవాలంటే ఏ లోపమూ లేని కంటికైనా 3 పవర్ల శ్రమ ఉంటుంది. మనవాడికి ప్లస్ 4 ఉంది కాబట్టి, నాలుగూ మూడూ ఏడు. ఎనిమిదేళ్ల కన్ను బలమంతా పెడితే పదమూడు, పద్నాలుగు దాకా లాగగలదు. కానీ ఎంతసేపు? హాయిగా కొనసాగేది అందులో సగమే. అంటే పక్కవాడు 3తో చదువుతున్న పేజీని మనవాడు తన హద్దు అంచున నిలబడి చదువుతున్నాడు. నాలుగు లైన్ల దాకా కండరం పట్టి నిలిచింది, అయిదో లైనులో వదిలేసింది. అక్షరాలు మసకబారాయి. ఒడియా లిపిలో చాలా అక్షరాల పైభాగం ఒకేలా గుండ్రంగా ఉండి, తేడా అంతా కింది చిన్న మెలికలో ఉంటుంది. మసకలో ముందు పోయేది ఆ మెలికే. కిటికీ బయటికి చూశాడంటే ఆ 3 పవర్ల బరువు కాసేపు దించుకున్నాడన్నమాట. ఆ క్షణంలోనే వీపు మీద దెబ్బ పడింది.

దెబ్బ గురించి నాకు వ్యంగ్యం రావడం లేదు. బడి విడిచే వేళకు రోజూ నుదురు నొస్తోందని వాడు చెబితే 'బడి ఎగ్గొట్టే వేషాలు' అన్నారు. తక్కినవాళ్లందరికీ అక్షరాలు ఇలాగే కరిగిపోతాయని, అయినా వాళ్లు చదివేస్తున్నారని, తనకే చేతకాదని ఎనిమిదేళ్లకే వాడు నమ్మేశాడు. పుట్టినప్పటి నుంచి అదే చూపు, ఇంకో చూపు ఎలా ఉంటుందో వాడికెలా తెలుస్తుంది? తెలుసుకోవాల్సింది జీతం తీసుకునే పెద్దలు. ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. 2016లో అమెరికాలో నాలుగైదేళ్ల పిల్లల మీద చేసిన అధ్యయనం ఒకటి వచ్చింది. ప్లస్ 3 నుంచి 6 దాకా పవర్ ఉండి అద్దాలు లేనివాళ్లు అక్షర పరిచయంలోనే వెనకబడ్డారని, దగ్గరి చూపు తగ్గినవాళ్లు మరీ వెనకబడ్డారని అందులో తేలింది. ఇంకా ఒకటో తరగతికైనా రాని పిల్లలు వాళ్లు! మనమేమో మూడో తరగతి దాకా ఆగి, బెత్తం తీస్తాం.

పట్టుకోవడానికి కోట్లు అక్కర్లేదు. తాతగారు సంతలో కొనుక్కున్న ప్లస్ 2 అద్దాలు పిల్లాడికి పెట్టి, అదే చార్టు అదే ఇరవై అడుగుల నుంచి, ఒక్కో కన్నూ విడిగా చదివించండి. లోపం లేని పిల్లాడికి మసకగా కనబడాలి. హాయిగా కింది వరస చదివేశాడంటే అనుమానించాలి. కంటి డాక్టర్లు ఇదే పని వాళ్ల కటకంతో చేస్తారు. ఇది అనుమానం దాకానే, తేల్చాల్సింది వాళ్లే.

తేల్చడంలోనూ ఒక తిరకాసుంది. మనవాణ్ని శ్రీకాకుళం తీసుకెళ్తే, మొదట కంప్యూటర్ మిషన్ ప్లస్ 1 అంది. కండరం బిగించే ఉంది మరి, మిషన్‌కేం తెలుస్తుంది? తర్వాత చుక్కలు వేసి, కండరం పూర్తిగా సడలేదాకా కూర్చోబెట్టి, టార్చిలాంటి రెటినోస్కోపు వెలుగులో చూస్తే ప్లస్ 4. చుక్కలు వేయకుండా 'ఏమీ లేదు' అని పంపేస్తే ఆ మాట నమ్మకండి. పసిపిల్లల్లో ప్లస్ 1, 2 మామూలే, వాటన్నిటికీ అద్దాలు పెట్టరు. చదవలేని ప్రతి పిల్లాడికీ ఇదే కారణమనీ కాదు. కళ్లు భేషుగ్గా ఉండి డిస్లెక్సియాతో తడబడేవాళ్లూ ఉన్నారు, వాళ్లకు అద్దాలు ఏమీ చేయవు.

అద్దాలొచ్చిన వారంలో మనవాడు దూరం మసకగా ఉందన్నాడు. ఏళ్లుగా బిగిసిన కండరం ఒక్కరోజులో సడలదు, కొన్ని వారాలు పడుతుందని డాక్టరు ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది. లేకపోతే అద్దాలు అటక ఎక్కేవి. రెండేళ్ల చదువు బాకీ అలాగే ఉంది, అది అద్దాలు తీర్చవు, కూర్చుని నేర్పాల్సిందే. పేజీ మాత్రం చివరిదాకా చదువుతున్నాడు.

కళ్లజోడుతో బడికెళ్లిన రోజు మాస్టారు వాణ్ని పరిశీలనగా చూసి, వాళ్ల నాన్నకు ఫోన్ చేశారు. 'చూశారా, నేను ముందే చెప్పాను కదండీ, సెల్‌ఫోన్ ఎక్కువ చూస్తున్నాడని!'